ఎక్స్‌పీరియన్స్: నిల్

ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత మా వీధి చివర జిరాక్స్ షాపులో రద్దీ మారుతుంది. అప్పటిదాకా హాల్‌టికెట్ల ప్రింట్ల కోసం వచ్చిన పిల్లలే, కొంచెం బెరుకుగా, "అన్నా, బయోడేటా కొట్టాలె" అంటూ వస్తారు. పింఛను కాగితాల పని మీద అక్కడ బల్ల మీద కూర్చుని నేను చూస్తుంటాను. షాపతను పాత ఫైలొకటి తెరుస్తాడు. పేరు మారుస్తాడు, తండ్రి పేరు మారుస్తాడు, పుట్టిన తేదీ, మార్కులు మారుస్తాడు. మిగతాది అలాగే ఉంటుంది. తొందరలో ఒక్కోసారి ముందొచ్చిన వాడి ఈమెయిలు కూడా అలాగే ఉండిపోతుంది. ఒకమ్మాయి కాగితంలో హాబీల దగ్గర 'ప్లేయింగ్ కబడ్డీ' అని ఉంది. ఆ పిల్ల దాన్ని చదవనైనా చదవలేదు, మడిచి ఫైల్లో పెట్టుకుని వెళ్లిపోయింది. అన్నిటికన్నా నన్ను పట్టుకుని వదలనిది మాత్రం 'ఎక్స్‌పీరియన్స్' పక్కనున్న మాట. దాన్ని ఎవరికీ మార్చనక్కరలేదు. ఎవరొచ్చినా అక్కడ 'నిల్' సిద్ధంగా ఉంటుంది. పద్దెనిమిదేళ్లు బతికిన మనిషి, అందులోనూ మన ఇళ్లలో బతికిన మనిషి, ఏ పనీ చేయకుండా ఎలా ఉంటాడు?

ఆ కాగితం వరస మీకు తెలిసే ఉంటుంది. పైన ఫొటో, దాని కింద 'కెరీర్ ఆబ్జెక్టివ్'. పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన పదవి పొంది, సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ తానూ ఎదగాలన్నది దాని సారాంశం. గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటించే ఉద్యోగానికీ ఇదే, చీరల దుకాణంలో మడతలు వేసే ఉద్యోగానికీ ఇదే. తరువాత బలాలు: కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకోవడం, సానుకూల దృక్పథం. ఆపైన తండ్రి పేరు, మతం, జాతీయత, పెళ్లయిందా లేదా. చివర పై వివరాలన్నీ నిజమని ప్రమాణం, ఊరు, తేదీ, సంతకం. చదువుతుంటే పెళ్లిళ్ల పేరయ్య చేతిలో కాగితంలా ఉంటుంది తప్ప, ఈ మనిషి రేపు ఉదయం ఆరింటికి డ్యూటీకి రాగలడా అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. ఈ నమూనా ఎక్కడ పుట్టిందో మరి. సర్కారు దరఖాస్తు ఫారాల నుంచి జారి వచ్చిందని నా అనుమానం. మా రోజుల్లో పదో తరగతి కాగానే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకుని, కార్డు రెన్యువల్ తేదీ కోసం గోడ క్యాలెండర్ మీద సున్నా చుట్టేవాళ్లం. చేతిలో టైపు లోయరో హయ్యరో ఉంటే అదే మా అర్హత. నిమిషానికి ముప్ఫై పదాలంటే లోయరు, నలభై అయిదంటే హయ్యరు. మా గురించి మేం ఒక పేజీ రాసుకోవాల్సిన అవసరమే రాలేదు. అందుకేనేమో, మా తరం వాళ్లం ఈ పిల్లలకు ఇందులో ఏమీ నేర్పలేకపోయాం.

నా దగ్గర కామర్స్ చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు మేడ్చల్ దాటాక ఒక పెద్ద గోదాములో షిఫ్టు ఇన్‌చార్జి. పండుగ సీజన్ ముందు రోజూ కట్టలకొద్దీ బయోడేటాలు వాడి బల్ల మీదికి వస్తాయి. ఏం చూస్తావురా అని అడిగాను. "సార్, నిజం చెప్పాలంటే పైనుంచి చదవం. ఉండే ఏరియా చూస్తం, ఫోన్ నంబర్ చూస్తం, పుట్టిన తేదీ చూస్తం. అంతే" అన్నాడు. ఏరియా ఎందుకంటే, కంపెనీ బస్సు ఆగే చోటికి రాలేని వాడు నాలుగో రోజు నుంచి రాడు. రాత్రి పదికి షిఫ్టు వదిలితే ఇల్లు చేరలేని వాడూ రాడు. పుట్టిన తేదీ ఎందుకంటే, పద్దెనిమిది నిండని వాణ్ని ఆ పనిలోకి తీసుకోరు. ఫోన్ నంబరు సంగతి చెప్పనక్కరలేదు. నాలుగో సంగతి కూడా ఉందన్నాడు, అది కాగితంలో ఎప్పుడూ కనబడదట: ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడగలడా, పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్పు లేకుండా చదవగలడా. అక్కడ స్కానర్ చేత్తో పట్టుకుని తిరుగుతూ, తెర మీద కనబడ్డ అర నంబరు వెతికి, సరుకు తీసి, లెక్క చూసి పెట్టెలో వేయాలి. బీ-12 అర బదులు డీ-12లో చెయ్యి పెడితే ఎవరిదో చార్జరు ఎవరింటికో వెళ్తుంది. 'పాజిటివ్ యాటిట్యూడ్' అన్న ముక్క ఈ ప్రశ్నల్లో దేనికీ అందదు.

మా మేడమీది వాటాలో అబ్బాయి ఈసారి ఇంటర్ సీఈసీ పరీక్షలు రాశాడు, ఎకనామిక్స్ పోయింది. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. జిరాక్స్ షాపు కాగితం పట్టుకుని చూడమని వచ్చాడు. నిల్ మీద వేలు పెట్టి, "ఏం పని చేయలేదా నువ్వు?" అన్నాను. లేదన్నాడు. దసరా సెలవులకు, వేసవి సెలవులకు ఎక్కడుంటావని అడిగితే, జనగామ దగ్గర మేనమామ కిరాణా దుకాణం సంగతి బయటపడింది. "గదొక పనా సార్? మా మామ దుకాణమే కదా, సెలవులల్ల పోయి కూసుంటుంటి" అన్నాడు. కూర్చుని ఏం చేస్తావు? ఇక్కడి నుంచి కొంచెం ఓపిక కావాలి. ఎందుకంటే ఈ పిల్లలకు తాము చేసేది పనిగా కనబడదు, మామకు సాయంగా కనబడుతుంది. లోడు వచ్చే రోజు ఆటోలోంచి సరుకు దింపుతాడట. బియ్యం బస్తా ఎంతుంటుంది? పాతిక కిలోలు. ఒక్కడివే మోస్తావా? మోస్తాను. బిల్లుతో సరుకు సరిచూసేది ఎవరు? నేనే, మామకు కళ్లద్దాలు లేనిది చిన్నక్షరాలు కనబడవు. ఎప్పుడన్నా తేడా వచ్చిందా? వచ్చింది, సబ్బుల పెట్టె ఒకటి తక్కువ వస్తే వ్యాన్ అతను పోకముందే చూపించాను. కొత్త బిస్కెట్ ప్యాకెట్లు ఎక్కడ పెడతావు? పాతవాటి వెనక. ఎందుకు? తేదీ దగ్గరపడ్డవి ముందు పోవాలి కదా సార్.

గోదాముల్లో ఇందుకు పెద్ద పెద్ద పేర్లున్నాయి. వచ్చిన సరుకును బిల్లుతో పోల్చి తీసుకోవడం ఒక విభాగం. గడువు ముందు తీరేది ముందు పంపడం ఒక నియమం, అది నేర్పడానికి కొత్తవాళ్లను కూర్చోబెట్టి శిక్షణ ఇస్తారు. ఈ కుర్రాడు అవి రెండూ చేసి వచ్చి, నిల్ కింద సంతకం పెట్టాడు. సరే, ఇద్దరం కూర్చుని రాశాం. 'ఎక్స్‌పీరియన్స్' అన్న శీర్షికను ఉంచాలా అని కాసేపు తటపటాయించాను. జీతం లేని పనిని ఆ మాట కింద పెడితే ఎదుటివాడు ఉద్యోగమనుకుంటాడు, తరువాత కాదని తెలిస్తే మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. 'చేసిన పనులు' అని పెట్టి, దాని కింద ఉన్నదున్నట్టు రాశాం. ఇంగ్లీషులోనే రాశాం గానీ, వాడు మాట్లాడగలిగే ఇంగ్లీషులో. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: జనగామ జిల్లాలో బంధువుల కిరాణా దుకాణంలో రెండేళ్లుగా సెలవుల్లో సాయం, జీతం లేకుండా. సరుకు దింపి బిల్లుతో సరిచూడడం. పాతిక కిలోల బస్తాలు మోయడం. గడువు తేదీ చూసి అరల్లో సర్దడం. సాయంత్రం నగదు, ఫోన్ పేమెంట్లు విడివిడిగా లెక్క కట్టి చెప్పడం. దాని కింద ఇంకో వాక్యం: కాలనీ వినాయక మండపంలో చందా రసీదు పుస్తకాలు చూసుకుని, చివరి రోజు లెక్క అప్పజెప్పడం.

ఆ వినాయకుడి వాక్యం వద్దని వాడు సిగ్గుపడ్డాడు. ఉండాలా వద్దా తేల్చుకోవడానికి నేనొక పరీక్ష పెట్టాను, అది ఈ కాగితంలోని ప్రతి ముక్కకూ పెట్టవచ్చు. ఆ వాక్యం మీద ఎదుటివాడు ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే నీ దగ్గర చెప్పడానికి ఏమైనా ఉందా? రసీదు పుస్తకాలు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయి, డబ్బు తక్కువ వస్తే ఏం చేశావు? వాడు గడగడా చెప్పాడు. ఒక పుస్తకంలో మూడు రసీదులు చిరిగిపోతే వాటి నంబర్లు రాసిపెట్టుకుని, పుస్తకం తీసుకున్నవాడితో సంతకం పెట్టించాడట. మరి 'కెరీర్ ఆబ్జెక్టివ్' చదివి, నీ ముందున్న సవాళ్లేమిటి అంటే? నవ్వి తల గోక్కున్నాడు. దాన్ని కొట్టేశాం. దాని చోట రెండు వరుసలు పెట్టాం. గోదాములో పికింగ్, ప్యాకింగ్ పనికి. ఈసీఐఎల్ దగ్గర నివాసం. ఏ షిఫ్టుకైనా, ఆదివారాలతో సహా. ఫలానా తేదీ నుంచి చేరగలను. నా శిష్యుడు మొదట వెతికే ఏరియా సంగతి ఆ రెండు వరుసల్లోకి వచ్చేసింది. ఆదివారం మాట వేసే ముందు వాళ్లమ్మను అడిగి రమ్మన్నాను. రాత్రి షిఫ్టుకు సై అని రాసి ఇంట్లో ఒప్పుకోక మానేసేవాళ్లు ఎక్కువట.

చదువు దగ్గర మళ్లీ చిక్కు. షాపు కాగితంలో 'ఇంటర్ పాస్' అని ఉంది. అందరూ అలాగే రాయిస్తారు సార్, సప్లిమెంటరీలో ఎలాగూ పాసవుతాను కదా అన్నాడు. కావచ్చు. కానీ చేరే రోజు మెమో అడుగుతారు, మెమోలో ఎకనామిక్స్ ఎదురుగా ఎఫ్ ఉంటుంది. గోదాము అడిగేది పదో తరగతే. అడగని దాని కోసం అబద్ధం ఆడి, అడిగిన చోట దొరికిపోవడం ఎందుకు? 'పదో తరగతి పాస్. ఇంటర్ సీఈసీ, ఒక సబ్జెక్టు సప్లిమెంటరీ రాయాలి' అని పెట్టాం. ఇలాంటిదే ఇంకో ఊబి కూడా ఉంది. ఆరు నెలలు ఫలానా చోట చేశాడని ఉత్తరం ఇప్పిస్తామని కొందరు ఏజెంట్లు డబ్బు తీసుకుంటారు. ఇన్‌చార్జి నాలుగు ప్రశ్నలు వేస్తాడు: అక్కడ పీఎఫ్ కోశారా, యూఏఎన్ నంబరు ఉందా, నీ సూపర్‌వైజర్ ఎవరు, రోజుకు ఎన్ని ఆర్డర్లు తీసేవాడివి? మొదటి ఉద్యోగం వాడికి యూఏఎన్ ఉండదు, అది తప్పేమీ కాదు. ఆరు నెలలు పెద్ద కంపెనీలో చేశానని చెప్పి అది లేదంటేనే అనుమానం.

ఇదే కుర్రాడు ఇదే వారంలో ఒక సూపర్ మార్కెట్‌కూ, ఒక కాల్ సెంటర్‌కూ కూడా ప్రయత్నిస్తానన్నాడు. అప్పుడు నాకొక సందేహం వచ్చింది. మనిషి ఒక్కడే కదా, కాగితం మూడు రకాలుగా ఎందుకుండాలి? అది వేషం మార్చడం కాదా? ఆలోచిస్తే కాదనిపించింది. చేసిన పని మారలేదు, అడిగేవాడు మారాడు. సూపర్ మార్కెట్‌కు బస్తాల బరువు కిందికి పోయి, నగదు లెక్క, వచ్చిన వాళ్లతో మాట్లాడడం పైకి వచ్చాయి. కాల్ సెంటర్ దగ్గర మాత్రం దుకాణం ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. అక్కడ భాషలే సరుకు. షాపు కాగితంలో 'తెలుగు, హిందీ, ఇంగ్లీష్' అని ఒకే వరుసలో ఉంటుంది, మూడూ ఒకే స్థాయిలో వచ్చినట్టు. మేం విడదీశాం: తెలుగు మాతృభాష, హిందీ ధారాళంగా మాట్లాడగలడు, నెమ్మదిగా చదవగలడు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలడు, చిన్న వాక్యాల్లో మాట్లాడగలడు. హైదరాబాదులో పెరిగిన పిల్లలకు హిందీ గల్లీలోనే వచ్చేస్తుంది కాబట్టి దాన్నొక అర్హతగా లెక్కపెట్టరు. తెలుగు, హిందీ రెండింటిలోనూ కస్టమర్లతో మాట్లాడే చోట అదే వాణ్ని పక్కనున్న పది మంది నుంచి వేరు చేస్తుంది. టైపింగ్ వచ్చని ఊరికే రాయకుండా ఫోన్లో నిమిషం పెట్టుకుని షాపు కంప్యూటర్ మీద కొట్టించాను. పందొమ్మిది పదాలు. రాయదగ్గ అంకె కాదు, వదిలేశాం.

వాళ్ల చెల్లెలు పక్కనే నిలబడి వింటోంది. పదో తరగతి అయిన పిల్ల, ఇంకా వయసు రాలేదు. మరి నాకేముంది రాసుకోవడానికి, నేను మామ దుకాణానికి పోలేదు కదా అంది. అమ్మ కుట్టే బ్లౌజుల లెక్కలు ఎవరు చూస్తారని అడిగాను. కొలతలు పుస్తకంలో ఎక్కించేది, ఫోన్ ఎత్తి "రేపు సాయంత్రానికి అయితది అక్కా" అని చెప్పేది, ఆలస్యమైతే తిట్లు తినేది, చివరికి ఒప్పించేది అన్నీ ఈ పిల్లే. కోపంగా ఉన్న కస్టమర్‌కు తేదీ చెప్పి శాంతపరచడమే కాల్ సెంటర్ పనిలో సగం. వంట, అంట్లు, నాయనమ్మకు మందులు కూడా రాయవచ్చా అని ఆమె అడిగితే మాత్రం నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అదీ పనే, ఇంకా కష్టమైన పని. కానీ పనిలో పెట్టుకునేవాడు దాన్ని చదివి, ఈ పిల్లకు ఇంట్లో బాధ్యతలున్నాయి, సెలవులు పెడుతుంది అనుకుంటాడేమో. న్యాయం కాని సంగతే అయినా, కాగితం చదివేది అతనే. వద్దన్నాను, అన్న తరువాత మనసుకు కొంచెం కష్టమైంది.

మతం అన్న వరుసను తీసేయమన్నప్పుడు షాపతను వింతగా చూశాడు. ఫార్మాట్‌లో ఉంది కదా సార్ అన్నాడు. 2009లో జర్నల్ ఆఫ్ కంపారటివ్ ఎకనామిక్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం గుర్తొచ్చింది. తరువాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఇంకో ముగ్గురు కలిసి ఢిల్లీ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ ఉద్యోగాలకు కల్పిత రెజ్యూమేలు పంపారు. వాటిలో కులమతాలు తెలిసేది పేర్లను బట్టే. సాఫ్ట్‌వేర్ వైపు తేడా కనబడలేదు. కాల్ సెంటర్ల దగ్గర మాత్రం అగ్రకులాల పేర్లకు వచ్చినన్ని పిలుపులు ఓబీసీ పేర్లకు రాలేదు. ముస్లిం పేర్ల విషయంలో అక్కడ తేడా కనబడలేదని కూడా అదే పత్రం చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసినదానిలో దళిత పేర్లకూ ముస్లిం పేర్లకూ రెండింటికీ పిలుపులు తగ్గాయి. అవి డిగ్రీ చదివిన వాళ్ల ఉద్యోగాలు, మన కుర్రాడి గోదాముతో పోల్చడం పూర్తిగా కుదరదు. మన ఇంటిపేర్లు ఎంత చెబుతాయో మనకు తెలుసు, వాటిని కాగితం నుంచి తీసేయలేం. అడగని మతాన్ని మనమే అచ్చు వేసి ఇవ్వడం దేనికి? ఆధార్ నంబరూ అంతే. చాలామంది తండ్రి పేరు కింద పన్నెండంకెలూ వేయిస్తారు. ఆ కాగితం ఎన్ని బల్లల మీద తిరిగి ఏ మిరపకాయ బజ్జీల పొట్లంగా తేలుతుందో తెలియదు. చేరేటప్పుడు అడిగితే అప్పుడు ఇస్తే చాలు.

అంతా అయ్యాక ఒక్క పేజీకి లోపే వచ్చింది, కింద చోటు మిగిలింది. ఏదైనా నింపుదామా అన్నాడు షాపతను. వద్దన్నాం. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టబోతుంటే ఆపి పీడీఎఫ్ చేయించాను. ఫొటోలో చేతి నీడ పడి ఫోన్ నంబరే కనబడడం లేదు. ఆ ఫోన్ నంబరూ తండ్రిది. ఆటో నడుపుతూ ఎత్తితే హారన్ల మోతలో ఏం వినబడుతుంది? కాల్ సెంటర్ వాళ్లయితే ఆ మొదటి ఫోన్‌లోనే గొంతు వింటారు, ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది. తన నంబరే పెట్టాం. తెలియని నంబరు నుంచి వస్తే కూడా ఎత్తమనీ, రిజిస్ట్రేషన్ ఫీజనో ఐడీ కార్డు ఖర్చనో డబ్బు అడిగితే పెట్టేయమనీ చెప్పాను.

గోదాములో ఇంటర్వ్యూ పది నిమిషాలు కూడా పట్టలేదట. "జనగామల దుకాణం ఎవరిది? కొత్త సరుకు ముందు పెడ్తవా, వెనక పెడ్తవా?" అని అడిగి, సర్టిఫికెట్లు తీయమన్నారు. అక్కడ మేం చూసుకోని మెలిక తగిలింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమై వెనక్కి పోయింది. పీఎఫ్ ఖాతా ఆధార్‌లోని పేరు మీదే తెరుస్తారు, పైగా ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే వీలుంది. మెమో ప్రకారం సరిచేయించుకుని రమ్మన్నారు. చేయించుకుని వెళ్లి, సార్టింగ్‌లో చేరాడు. మొన్న మెట్ల దగ్గర కనబడి, "సార్, ఇప్పుడు బయోడేటాల మామ దుకాణం తీసెయ్యాల్నా?" అని అడిగాడు. మూడు నెలలు దాటితే ఒక్క వాక్యం చేయి, ఏడాది దాటాక తీసెయ్, చందా లెక్క మాత్రం ఇంకొన్నాళ్లు ఉండనీ అన్నాను.